మళ్ళీ రాండి అనకూడని చీర

కర్నూలు వన్ టౌన్‌లో మద్దయ్య చేనేత బట్టల అంగడికి బోర్డు మూడుసార్లు మారింది గానీ, దాని కింద రాసిన ఫోన్ నంబరు మాత్రం మారలేదు. సెల్ ఫోన్లు కొత్తగా వచ్చిన రోజుల్లో మద్దయ్య ముచ్చటపడి తీసుకున్న నంబరు అది. సంచుల మీద అదే, క్యాలెండర్ల మీద అదే, ఎమ్మిగనూరు మగ్గాల ఇళ్ళల్లో గోడల మీద బొగ్గుతో రాసుకున్నదీ అదే. మద్దయ్య పోయి ఏళ్ళవుతున్నా కోసిగి, ఆలూరు వైపు ఊళ్ళలో ఆ నంబరుకు పేరు ఇంకా 'మద్దయ్యన్న అంగడి'.

ఆ నంబరు ఇప్పుడు ఆస్పత్రి మంచం మీద ఉన్నట్టు ఉంది. దాన్ని ఆ గతికి తెచ్చింది శత్రువులెవరూ కాదు, మద్దయ్య మనవరాలు పవిత్రకు మేనత్త కొడుకైన ఓబులేష్. ఉగాదికి ముందు ఎవడో చెప్పిన దొంగ సాఫ్ట్‌వేరు ఒకటి దించుకుని, బిల్లింగ్ కంప్యూటర్‌లో ఉన్న నంబర్లన్నిటికీ 'ధమాకా' అంటూ ఒకటే మెసేజ్ పొద్దున, సాయంత్రం వాయించాడు. జన్మలో పంచె తప్ప ఇంకోటి కొనని రిటైర్డ్ హెడ్మాస్టరుకు పెళ్ళికూతురి పట్టుచీరలు. ముందురోజే పెళ్ళి బట్టలన్నీ కొనుక్కుపోయినవాళ్ళకు మళ్ళీ పెళ్ళి బట్టలు. జనం విసిగి బ్లాక్ చేశారు, రిపోర్టు కొట్టారు. వాట్సాప్ వాళ్ళు నంబరు ఆపేశారు. బతిమాలుకుంటే తిరిగి ఇచ్చారు గానీ, ఇంకోసారి ఇట్లాంటిది జరిగితే శాశ్వతంగా పోతుందని కచ్చితంగా చెప్పారు.

అప్పుడు పవిత్ర రంగంలోకి దిగింది. హైదరాబాదు కంపెనీలో ఆమె ఉద్యోగమే అది. ఎవరు ఏం కొన్నారు, ఎప్పుడు కొన్నారు, ఎంత తరచుగా కొంటారు అని చూసి, మనుషులను గుంపులుగా విడదీసి, ఏ గుంపుకు ఏ మాట చెప్పాలో ఆ మాటే చెప్పడం. దేశంలో సగం మందికి షాంపూలు గుర్తుచేసే పిల్ల, సొంత అంగడికి చీరలు గుర్తుచేయలేదా అని ఆమె వాదన. ఇంటి నుంచి పని చేసుకుంటూ ఖాళీ వేళల్లో ఈ పని చూస్తానంది. ఆమె తండ్రి ఉమామహేశ్వర చాలాసేపు ఆలోచించి, ఈ శ్రావణానికి ఒక్కసారి చూద్దామన్నాడు. ఈసారి నంబరుకు ఏమైనా అయితే ఆ పల్లెలతో సంబంధం తెగినట్టేనని, పోయిన తండ్రి రెండోసారి పోయినట్టేనని కూడా అన్నాడు.

నిజానికి ఆ ఇంట్లో ఈ విద్య కొత్తది కాదు. పవిత్ర చిన్నప్పుడు బడి వదలగానే అంగడికి వచ్చి, తెల్లటి పరుపు మీద జేజినాయన మద్దయ్య పక్కన కూర్చునేది. కొత్త నేత గంజి వాసన, గోడకు ఆనించి, తకధిమి అంటూ తిరిగే ఫ్యాను, మూలన బంకమట్టి కడవ. కోసిగి బస్సు దిగినవాళ్ళు మూటలు అక్కడ పెట్టి ఆస్పత్రికి, కోర్టుకు పోయి వచ్చేవాళ్ళు. కొన్నా కొనకున్నా కడవలో నీళ్ళు మాత్రం అందరివీ. కొత్త సరుకు దిగితే మద్దయ్య బస్టాండుకు పోయి కోసిగి బస్సు కండక్టరును పట్టుకునేవాడు. "ఈరన్న ఇంటికి చెప్పు, కోడలు అడిగిన గళ్ళ చీర మగ్గం దిగిండాదని." అంతే. ఊరంతటికీ చెప్పమనేవాడు కాదు. ఆ చీర కావలసింది ఆ కోడలికి, ఆ మాట పోవలసింది ఆ ఇంటికి. కండక్టరు కూడా ఆ ఒక్క మాటను, టిక్కెట్టు తీసుకున్న ప్రయాణికుడి మాదిరి, జాగ్రత్తగా ఆ ఇంటి ముందే దించేవాడు. ఇప్పుడు ఇదే పనికి పవిత్ర కంపెనీలో ఒక అంతస్తు నిండా మనుషులు ఏసీలో కూర్చుంటారు.

ఆమె మొదలు ఓబులేష్ సాఫ్ట్‌వేరును తీసి పారేసి, నంబరును వాట్సాప్ వాళ్ళ అసలు దారిలోకి తెచ్చింది. ఆ దారిలో పంపే ప్రతి ప్రకటననూ ముందే వాళ్ళకు చూపించి ఒప్పించుకోవాలి. నంబరుకు పచ్చ, పసుపు, ఎరుపు అని ఒక దీపం ఉంటుంది. ఎవరు బ్లాక్ చేశారో చెప్పరు, ఎక్కువమంది చేస్తే దీపం రంగు మాత్రం మారుతుంది. ఆమె కొన్ని కట్టుబాట్లు పెట్టుకుంది. మెసేజులకు సరే అన్నవాళ్ళకే పంపాలి. ఒక మనిషికి నెలకు ఒకటి, వాట్సాప్‌లో వెళ్తే ఎస్సెమ్మెస్‌లో వెళ్ళకూడదు. మెసేజ్ కింద 'ఇంక వద్దు' అనే మీట తప్పకుండా ఉండాలి. డబ్బా ఫోన్ల వాళ్ళకు ఎస్సెమ్మెస్, అది కూడా ట్రాయ్ నిబంధనల ప్రకారం రిజిస్టరు చేసుకున్న వాక్యంతో, పగటిపూటే.

ఆ పైన గుంపులు. పంచెల వాళ్ళు వేరు, పెళ్ళి మూటల వాళ్ళు వేరు, ఏడాదికి ఒక్క ఉగాదికే వచ్చేవాళ్ళు వేరు. వీటన్నిటిలో ఆమెకు ముద్దొచ్చిన గుంపు ఒకటి ఉంది. ఆ అంగడిలో బేరం ఆడకుండా గుడ్డముక్క కూడా కదలదు. ప్రతి బిల్లులో ఎంతో కొంత తగ్గింపు ఉండాల్సిందే. అలాంటిది, పైసా తగ్గించమనకుండా చెప్పిన ధర చేతిలో పెట్టి పోయినవాళ్ళు కొందరు కనిపించారు. వ్యాపార శాస్త్రంలో ఇంతకన్నా శ్రేష్ఠమైన జాతి లేదు. పవిత్ర ఆ గుంపుకు 'బంగారు' అని పేరు పెట్టింది. అందులోనూ పోయిన శ్రావణంలో కొన్నవాళ్ళను ఏరింది, ఒక పండక్కి కొన్నవాళ్ళు మరుసటి ఏడు అదే పండక్కి కొంటారు కాబట్టి. మొదటి మెసేజ్ వాళ్ళకే. పేరు పెట్టి పిలిచి, వాళ్ళు కొన్న చీర బొమ్మ పెట్టి, 'పోయిన ఏడు ఇదే వారం మీరు తీసుకున్న చీర గుర్తుందా? ఈ ఏడు కొత్త అంచులు వచ్చాయి. మళ్ళీ రండి' అని. చదివి చదివి తనే మురిసిపోయింది.

పొద్దున పంపితే సాయంత్రానికి దీపం పసుపు రంగుకు వచ్చింది.

ఓబులేష్ అంత మందికి చేసిన అల్లరికి జరిగిన నష్టం, ఇంత చిన్న గుంపుతో ఎట్లా జరిగిందో పవిత్రకు బుర్రకెక్కలేదు. అదీ బంగారు మనుషులతో. ఓబులేష్ తలుపు దగ్గర నిలబడి, పెద్ద చదువుల వాళ్ళు కొడితే తక్కువ దెబ్బలకే పడతాదని అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. అప్పుడు ఇన్‌బాక్సులో ఒక వాయిస్ మెసేజ్ వచ్చి పడింది. బిల్లులో పేరు హులిగెమ్మ, ఊరు కోసిగి. పవిత్ర మీట నొక్కింది. ముసలి గొంతు, తొందర లేని గొంతు.

"ఏమప్పా ఉమామహేశ్వరా. నా అల్లుడు పోయినప్పుడు, పదోదినానికి నా బిడ్డకు పుట్టింటి చీర నీ అంగట్లోనే తీసుకుంటి. ఆ పొద్దు నువ్వు కుంకుమ పెట్టకుండా, మళ్ళీ రాండి అనకుండా, గమ్మున చేతికిచ్చినావు. మద్దయ్యన్న కొడుకు గదా, తెలిసినోడు అనుకుంటి. ఈ పొద్దు ఆ చీర బొమ్మే పెట్టి మళ్ళీ రమ్మంటాండావు. దేనికి రావాలప్పా? ఇంకా ఎవురు మిగిలినారు మాకు?"

వెనక ఎవరో ఆడపిల్ల "సాలు అమ్మా, పెట్టేయ్" అనడంతో అది ఆగిపోయింది.

ఉమామహేశ్వర గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి వచ్చి నిలబడే విన్నాడు. రెండోసారి వినిపించమనలేదు. ఆయన గుడ్డలు మడిచే బల్ల మీద కూర్చుని, కూతురిని తిట్టకుండా, అంగడి మర్యాద ఒకటి చెప్పాడు. ఆమె పుట్టి పెరిగిన అంగట్లోనే ఉన్నా ఆమెకు ఎప్పుడూ కనిపించనిది.

"సావుకు కొనేటోళ్ళు బేరం చెయ్యరు పాపా. చేస్తే పోయినోళ్ళ రుణం మిగుల్తాదంటారు. మనం గూడా రవికె గుడ్డ కొసరు వెయ్యము. బొట్టు పెట్టము, మళ్ళీ రమ్మనము. చెప్పిన రేటిచ్చి తలకాయ వంచుకోని పోతారు."

"కంప్యూటర్లో యాడా రాయలేదే నాయనా."

"దాన్ని ఎవురన్నా రాస్తారా?"

పవిత్ర బంగారు గుంపు జాబితా మళ్ళీ తెరిచింది. ఆమె శాస్త్రమంతా ఉపయోగించి, ఊళ్ళో దుఃఖంలో ఉన్న ఇళ్ళన్నీ ఏరి, వాటికి 'బంగారు' అని పేరు పెట్టి, ఏడాది తిరిగే వేళకు సరిగ్గా గుర్తుచేసి మళ్ళీ రమ్మంది.

అదే గుంపులో వాట్సాప్ లేనివాళ్ళకు ఎస్సెమ్మెస్ మరునాడు పదింటికి వెళ్ళడానికి సిద్ధంగా ఉంది. ముందు దాన్ని ఆపేసింది. వెళ్ళవలసినవన్నీ ఆపేసింది. తర్వాత, దుఃఖాన్ని ఎవరూ రాయకపోయినా దాని జాడ బిల్లులోనే ఉందని ఆమెకు తట్టింది. మామూలుగా ప్రతి చీరకూ కొసరు రవికె గుడ్డ సున్నా ధరతో బిల్లులో పడుతుంది. తగ్గింపూ, రవికె గుడ్డా రెండూ లేని చీరల బిల్లులు వేరు చేయమని అడిగితే, బంగారు గుంపు రెండుగా చీలింది. ఒక పక్క బేరం చేయడం నామోషీ అనుకునే బ్యాంకు వాళ్ళూ, లెక్చరర్లూ, వాళ్ళకు రవికె గుడ్డ ఉంది. రెండో పక్క ఈ ఇళ్ళు.

ఖాయం చేసుకోవడానికి ఒక్కొక్క పేరే తండ్రికి చదివి వినిపించింది. ఉమామహేశ్వర కొన్నిటికి తల ఊపాడు, కొన్నిటి దగ్గర కథ చెప్పాడు. ఫలానా ఆయన పోయిన భార్యకు చీర ఎంచుకోలేక పొద్దంతా కూర్చుని, చివరికి ఆమె ఎప్పుడూ కట్టే పచ్చరంగే తీసుకుపోయాడని. ఫలానా అన్నదమ్ములు పోయిన చెల్లెలికి చీర కొంటూ, చిన్నప్పుడు ఆమె ఇదే మెట్ల మీద పట్టుబట్టి పరికిణీ కొనిపించుకుందని చెప్పుకుని నవ్వారని. ఇంతమంది వచ్చిపోయిన అంగడా ఇది అని పవిత్రకు అనిపించింది. తనకు గుర్తున్న అంగట్లో ఎప్పుడూ పండగే. జేజినాయన ఇలాంటివాళ్ళు వచ్చినప్పుడు తనను పీచుమిఠాయి తెచ్చుకోమని బయటికి పంపించేవాడని ఇప్పుడు అర్థమైంది. ఆమె మాత్రం ఆయనది ప్రేమ అనుకుంది. అదీ నిజమే.

అందరికీ క్షమాపణ మెసేజ్ పెడదామని ఆమె అంది. ఉమామహేశ్వర ఒప్పుకోలేదు. ఒకసారి గుచ్చిన ముల్లును ఇంకోసారి కదిలిస్తావా అన్నాడు. వాళ్ళంతట వాళ్ళు మాట్లాడితే మాట్లాడదాం, మాట్లాడింది హులిగెమ్మ, కాబట్టి పోవలసింది అక్కడికి అన్నాడు. మరునాడు అంగడి ఓబులేష్‌కు అప్పజెప్పి, కంప్యూటర్ ముట్టుకోవద్దని ఒట్టు వేయించుకుని, తండ్రీ కూతుళ్ళు కోసిగి బస్సెక్కారు.

ఎమ్మిగనూరు దాటాక కిటికీలోంచి ఎర్రనేల, వాన కోసం మొహం వాచిన పత్తి చేలు. ఉమామహేశ్వర దారి పొడుగునా తన చిన్నతనం చెప్తూ పోయాడు. తండ్రితో గుడ్డల మూట నెత్తిన పెట్టుకుని ఈ ఊళ్ళు తిరిగిన రోజులు, తాను అత్తా అని పిలిచే హులిగెమ్మ తమకు జొన్నరొట్టె, గురుగాకు కూర పెట్టిన రోజు. పవిత్ర వింటూనే ఉంది గానీ, ఆమె చేయి మాత్రం సంచిలోని ఫోను మీద నుంచి కదల్లేదు. దీపం ఇంకా పసుపే.

హులిగెమ్మ ఇంటి ముందు చింతపండు ఎండబోసి ఉంది. ఆమె వాళ్ళను చూసి రాండనలేదు, పొమ్మనలేదు. లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి అరుగు మీద పెట్టింది. ఉమామహేశ్వర నీళ్ళు తాగి, చెంబు పక్కన పెట్టి, తప్పు అంగడిదేనని, పిల్లకు తెలియక జరిగినా పేరు తమదేనని నెమ్మదిగా చెప్పుకున్నాడు. ముసలామె చింతపండులో గింజలు ఏరుతూ వింది.

ఆమె కూతురు గిడ్డమ్మ చేలో కలుపు తీసి అప్పుడే వచ్చింది. పవిత్ర కంటే రెండు మూడేళ్ళు చిన్నదేమో. భర్త పోయినప్పటి నుంచి పుట్టింట్లోనే ఉంటోంది. బిల్లులో పేరు తల్లిదైనా ఫోను గిడ్డమ్మదని అక్కడ తేలింది. తల్లికి చదువు రాదు, డబ్బా ఫోను. కాబట్టి ఆ మెసేజ్ చదివి తల్లికి వినిపించింది గిడ్డమ్మే. తన పదోదినపు చీర గురించి తానే.

పవిత్ర తాను సిద్ధం చేసుకుని వచ్చిన మాట చెప్పింది. గిడ్డమ్మ నంబరును తమ జాబితాలోంచి మొత్తంగా తీసేశానని, ఇంక జన్మలో ఆ ఫోనుకు తమ అంగడి నుంచి ఏ మెసేజూ రాదని. ఆ మాటకు కాస్త మెచ్చుకోలు వస్తుందనే అనుకుంది.

గిడ్డమ్మ చేతులు కడుక్కుంటున్నదల్లా ఆగింది. "అంటే మీరు గూడా నన్ను పక్కకు పెట్టినారు."

పవిత్రకు అర్థం కాలేదు.

"శ్రావణ శుక్రవారం ఎవురూ పిల్చరు. పెండ్లికి పోతే ఎనక కూచోబెడతారు. మీ మెసేజు చూసి శానా ఏడ్చినా, కాదనను. అయితే ఇంకోటి గూడా అనుకున్యా అక్కా. ఊళ్ళో అందరికీ వచ్చినట్టే నాకూ ఒకటి వచ్చిండాది గదా అని. ఆ చీర మాట వద్దు. అంతే గానీ నన్ను తీసేయమని ఎవురన్న్యారు?"

హులిగెమ్మ గింజలు ఏరడం ఆపి కూతురి వైపు చూసింది. ఈ మాట ఆమెకూ కొత్తేనని తెలుస్తూనే ఉంది.

పవిత్ర అరుగు మీద కూర్చుని ఫోనులో అంగడి మెసేజుల పానెల్ తెరిచింది. రాత్రి తాను పెట్టిన నియమం అక్కడే ఉంది. ఆ జాతి బిల్లు ఒక్కటి ఉన్నా ఆ మనిషిని అన్ని గుంపుల నుంచీ తీసేయమని. తీసేయవలసింది మనిషిని కాదు, ఆ బిల్లును. ఆ ఒక్క బిల్లు లెక్కలోకి రాకూడదు, ఎక్కడా గుర్తుచేయకూడదు, మనిషి మాత్రం మిగిలిన కొనుగోళ్ళతో ఉండాల్సినచోట ఉండాలి. ఆమె అక్కడికక్కడే నియమం తిరగరాసింది. ఆ బిల్లు పక్కకు జరగగానే గిడ్డమ్మ అసలు ముఖం కనిపించింది. ఏటేటా ఒక్కసారే, ఉగాది దాటీదాటక ముందే ఒక నూలు చీర, గట్టిగా బేరమాడిన తగ్గింపుతో.

ఆ నెలల్లోనే ఎందుకని అడిగితే, సుగ్గికి పోతామని గిడ్డమ్మ చెప్పింది. చలికాలంలో గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోయి ఎండలు ముదిరినాక వస్తారు. వచ్చినాకే చేతిలో దుడ్లు, వచ్చినాకే చీర. శ్రావణంలో ఆమెకు చీర మాట చెప్పడమే దండగ. దుఃఖం లేకపోయినా ఆ మెసేజ్ ఆమెకు వెళ్ళవలసింది కాదు.

ఇంకొకటీ బయటపడింది. మెసేజులకు 'సరే' అన్నట్టు బిల్లులో టిక్కు ఉంది గానీ, ఎవరూ ఆ రోజు హులిగెమ్మను అడగలేదు. బిల్లు కొట్టేటప్పుడు ఆ టిక్కు దానంతటదే పడేలా పెట్టింది ఓబులేష్. చూసుకోనిది తను. పవిత్ర ఆ టిక్కు తీసేసి, గిడ్డమ్మను కొత్తగా అడిగింది. పంపమంటావా, ఏ సంగతులు పంపమంటావు, ఎవరి పేరుతో అని.

"నా పేరుతోనే పంపు. నూలు చీరలవి. ఉగాదికి."

"నా పేరు మాత్రం దాంట్లో యాడా ఉండకూడదు," అంది హులిగెమ్మ, గింజల చేట ఒళ్ళోకి లాక్కుంటూ. "దానికి చెప్పుకునేది దానికి చెప్పుకో పాపా. నా కోపం నాకు ఉండాది."

ఉంచుకో అత్తా అన్నాడు ఉమామహేశ్వర. బస్సుకు ఇంకా పొద్దుందని, ఎండలో నిలబడద్దని ఆమె అంది. రొట్టెలు తిని పోయేటప్పటికి సాయంత్రమైంది.

ఆ శ్రావణమంతా అంగడి నుంచి వెళ్ళిన మెసేజులు చాలా తక్కువ. ఇంకోసారి అడిగి 'సరే' అనిపించుకున్నవాళ్ళకే. బిల్లు కొట్టేటప్పుడు ఒక చిన్న మీట కొత్తగా వచ్చింది, దాని మీద ఏ పేరూ లేదు. కొనేవాళ్ళ ముందు నొక్కినా వాళ్ళకు తెలియదు. అది నొక్కితే ఆ బిల్లు ఇంక ఎవరికీ ఏదీ గుర్తుచేయదు. దీపం చాలా రోజులు పసుపుగానే ఉండి, ఒక పొద్దున చూస్తే పచ్చబడింది. ఉమామహేశ్వర ఆ రోజు అంగడి తెరుస్తూ బోర్డు కింది నంబరు మీది దుమ్ము పైగుడ్డతో తుడిచాడు.

మరుసటి ఉగాదికి పది రోజుల ముందు పవిత్ర సుగ్గి ఊళ్ళ గుంపుకు మెసేజ్ పంపింది. గిడ్డమ్మకు ఆమె పేరుతోనే, నూలు చీరల సంగతి. కాసేపటికి జవాబు వచ్చింది. 'ఇంకా గుంటూరు పక్కనే ఉండాము అక్కా. ఈ ఏడు కాయ లేటు. ఊరంతా ఈడనే ఉండాది. వారం ఆగి పంపు.'

కోసిగి వైపు ఊళ్ళకు ఇంకా వెళ్ళని మెసేజులన్నీ పవిత్ర ఒక వారం వెనక్కి జరిపింది.